గోడ మీద నంబర్ ఉంది, ఎప్పుడు చేయాలో లేదు: 108 గురించి ఒక పెయింటర్ రాస్తున్న బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి గారికి, 108 బళ్లు నడిపించే వాళ్లందరికీ నమస్కారం.

నేను నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో ఉంటాను. గోడల మీద అక్షరాలు రాయడం నా పని. ఫ్లెక్సీలు వచ్చాక సగం పని పోయింది గానీ సిమెంటు వాళ్లు, విత్తనాల వాళ్లు, అప్పుడప్పుడు సర్కారు వాళ్లు కూడా ఇంకా పిలుస్తూనే ఉంటారు. "ఆపద సమయంలో 108కి ఫోన్ చేయండి" అన్న వాక్యాన్ని ఈ చేత్తో ఎన్ని గోడల మీద రాశానో లెక్క లేదు. మా మావయ్య వాళ్ల వీధిలో, అంటే మా ఆవిడ పుట్టింటి వీధిలో, ఉన్నది కూడా నేను రాసిందే. ఎర్ర అంకెలు, నల్ల అక్షరాలు, ఇప్పటికీ వెలవలేదు. మావయ్యకి పక్షవాతం వచ్చిన రోజు ఆయన్ని సరిగ్గా ఆ గోడకి ఎదురుగా ఉన్న అరుగు మీదే రెండు గంటలు కూర్చోబెట్టారు. చుట్టూ పాతిక మంది ఉన్నారు. ఒక్కరు కూడా 108కి చేయలేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ రోజంతా గంటల వారీగా చెప్తాను, మీరే చూడండి.

పొద్దున్న ఆరు దాటి పది నిమిషాలకి అత్తయ్య టీ ఇచ్చింది. అప్పటిదాకా ఆయన బాగానే ఉన్నాడు, పాలబ్బాయికి డబ్బులు కూడా లెక్కపెట్టి ఇచ్చాడు. గ్లాసు అందుకున్నాడు, అది కుడిచేతిలోంచి జారి పడిపోయింది. కాలినందుకు కూడా అరవలేదు, నెమ్మదిగా దాని వైపు చూస్తూ ఉండిపోయాడట. అత్తయ్య "ఏటైనాది?" అంటే ఏదో అన్నాడు, ముద్దముద్దగా. మూతి ఎడమ పక్కకి లాగేసింది. ఆరున్నరకి పక్కింటి వాళ్లు వచ్చారు. "గాలి కొట్టినాది, అంతే, కొబ్బరినూనె రాయండి, పొద్దెక్కే సరికి తగ్గిపోద్ది" అన్నారు పెద్దవాళ్లు. నూనె రాశారు. మంచినీళ్లు పట్టారు, పొరపోయి దగ్గాడు, మళ్లీ పట్టారు. ఏడుంపావుకి ఆర్‌ఎంపీ వచ్చి బీపీ చూసి ఎక్కువుందని ఒక మాత్ర వేశాడు. ఎనిమిదిన్నరకి వైజాగ్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ వెళ్లింది, వాడు "ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని కేకలేశాడు. బాడుగ కారు వచ్చేసరికి తొమ్మిది నలభై. దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి పదింబావుకి చేరితే అక్కడ "స్కానింగ్ లేదు, శ్రీకాకుళం పొండి" అన్నారు. శ్రీకాకుళంలో పెద్ద ఆసుపత్రి మెట్లెక్కేసరికి పదకొండు ఇరవై అయిదు. స్కాన్ అయ్యేసరికి పన్నెండుకి పది తక్కువ.

అక్కడి డాక్టరు గారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఈయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" అని. బీపీ గురించి గానీ షుగరు గురించి గానీ తర్వాతే అడిగారు. నేను ఆరూ పది అన్నాను. ఆవిడ గోడ గడియారం వైపు చూశారు, అంతే, ఇంకేమీ అనలేదు.

ఆ చూపు ఏమిటో తర్వాత ఆవిడే ఓపిగ్గా చెప్పారు. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే, ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. ఆల్టెప్లేస్ అని ఒకటి, టెనెక్టెప్లేస్ అని ఇంకొకటి. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపల దాన్ని ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. అయితే పక్షవాతం గడ్డ వల్లే కాదు, నాళం చిట్లి రక్తం కారడం వల్ల కూడా వస్తుంది. అలాంటి మనిషికి ఈ మందు ఇస్తే ప్రాణమే పోవచ్చు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి సీటీ స్కాన్ తీయకుండా ఎవరూ ఆ సూది వేయరు. అంటే స్కానింగ్ లేని ఆసుపత్రికి ఎంత తొందరగా పరుగెత్తినా ఈ పనికి లాభం లేదు. మావయ్యది గడ్డే. ఆరూ పదికి నాలుగున్నర గంటలు కలిపితే పదీ నలభై. అప్పటికి మేము చిన్న ఆసుపత్రి గేటు దాటి హైవే మీదికి ఎక్కుతున్నాం.

ఇంటికొచ్చాక నేను కాగితం మీద ఇంకో లెక్క వేసుకున్నాను, వేసుకోకుండా ఉండలేకపోయాను. ఆరుంబావుకి 108కి చేశారనుకుందాం. బండి రావడానికి అరగంట. ఎక్కించడానికి పది నిమిషాలు. అక్కణ్నుంచి శ్రీకాకుళం పాతిక ముప్పై కిలోమీటర్లు, ట్రాఫిక్ కూడా లేని వేళ, ముప్పావు గంట అనుకున్నా ఏడూ నలభైకి ఆసుపత్రిలో ఉంటాడు. స్కాన్ ఎనిమిదింబావుకి అయినా ఇంకా రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు మిగిలేవి. బండి ఒక గంట ఆలస్యంగా వచ్చినా సరిపోయేది. మందు ఇచ్చేవారని గ్యారంటీ లేదు, బీపీ అదుపులోకి రాకపోయినా, ఇంకొన్ని కారణాలున్నా ఇవ్వరని డాక్టరమ్మే చెప్పారు. కానీ ఇవ్వాలా వద్దా అని ఆలోచించే అవకాశం ఉండేది. మాకు అదే లేకుండా పోయింది. మందు లేకపోతే ఏమవుతుందో కూడా ఆవిడ చెప్పారు: పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయట. అది విన్నాక కొబ్బరినూనె రాసిన ఇరవై నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇప్పుడు అసలు విషయం. మా అత్తయ్యని నేను అడిగాను, "108 తెలీదా అత్తయ్యా?" అని. "తెలకేటి బాబూ, కుయ్ కుయ్ మని వస్తాది కదా" అంది. "మరి ఎందుకు చేయలేదు?" అంటే, "అది ఏక్సిడెంట్లకి, పురుళ్లకి కదా. మీ మావయ్యకి రక్తం కారలేదు, నొప్పని అనలేదు" అంది.

చూశారా, 108 అనే అంకె మన వాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన సర్వీసు, ఇరవై ఏళ్లు దాటిపోయింది. పైగా 108 అంటే అష్టోత్తరం, పూజ చేసే ప్రతి ఇంట్లో రోజూ తిరిగే లెక్క. 104కీ 108కీ తికమకపడే వాళ్లు కొందరు ఉన్నారు, 102 తల్లీబిడ్డల బండి అని తెలియని వాళ్లు ఇంకొందరు ఉన్నారు, నిజమే. కానీ ఎక్కువమందికి తెలియనిది నంబర్ కాదు, ఏది కనపడితే ఆ నంబర్ నొక్కాలో. "ఆపద సమయంలో" అని నేను గోడ మీద రాస్తున్నాను. మా అత్తయ్య దృష్టిలో అది ఆపదే కాదు. నొప్పి లేదు, రక్తం లేదు, మనిషి కూర్చుని చూస్తున్నాడు. పక్షవాతం మోసం చేసేది అక్కడే, చాలామందికి అసలు నొప్పే ఉండదు.

ఆసుపత్రి వరండాలో ఒక పోస్టర్ ఉంది. ఇంగ్లీషులో ఫాస్ట్ అని పెద్ద అక్షరాలు. ఎఫ్ అంటే ఫేస్, ఎ అంటే ఆర్మ్, ఎస్ అంటే స్పీచ్, టి అంటే టైమ్. ఇంగ్లండులో 2009 నుంచి టీవీల్లో దీన్ని బాగా ఊదరగొట్టారట, వాళ్లకి పనికొచ్చింది కూడా. మనం దాన్ని తెలుగు అక్షరాల్లో రాసి పెడితే ఏమవుతుంది? ముఖం, చెయ్యి, మాట: ముందరి అక్షరాలు కలిపితే "ముచెమా" వస్తుంది. అదేదో పచ్చడి పేరులా ఉంది. మా అత్తయ్య ఆ పోస్టర్ కింద రెండు రోజులు కూర్చుంది, అది దేని గురించో ఆవిడకి తెలియలేదు.

ఇదే చిక్కు చైనా వాళ్లకీ వచ్చింది. వాళ్లకీ ఇంగ్లీషు అక్షరాలు ఎక్కవు. అక్కడ అంబులెన్సు నంబర్ 120. ఇద్దరు వైద్యులు ఆ నంబర్‌నే లక్షణాలుగా మార్చేశారు. 1 అంటే ఒక ముఖం, వంకరగా ఉందా చూడు. 2 అంటే రెండు చేతులు, ఒకటి బలహీనంగా ఉందా చూడు. 0 అంటే, వాళ్ల భాషలో సున్నా అన్న మాట 'విను' అన్న మాటలాగే పలుకుతుందట, కాబట్టి మాట స్పష్టంగా ఉందా విను. 2017లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో దీని గురించి రాశారు. అది చదివి చెప్పింది మా బావమరిది కూతురు, నర్సింగ్ చదువుతోంది. వినగానే నా ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అక్షరాలతో బతికేవాడికి ఆ కిటుకు ఎంత గొప్పదో తెలుస్తుంది. ఏ లక్షణానికి చేయాలి, ఏ నంబర్‌కి చేయాలి, రెండూ ఒకే మూడు అంకెల్లో ఉన్నాయి. ఒకటి గుర్తొస్తే రెండోది దానంతట అదే వస్తుంది.

మరి మన 108కి ఎందుకు చేయకూడదు? నేను కూర్చున్నాను. చాలా కాగితాలు పాడుచేశాను.

ఒకటి తేలిగ్గానే దొరికింది: మూతి ఒక పక్కకి పోవడం. సున్నా దగ్గర మొదట "చేతిలో బలం సున్నా" అని రాశాను. చూడటానికి బాగుంది. రేషన్ బియ్యం లైన్లో నిలబడ్డ ఆడవాళ్లకి చదివి వినిపించాను. ఒకావిడ వెంటనే అంది, "అంటే సెయ్యి పూర్తిగా పడిపోతేనే సెయ్యాలా బాబూ?" నాకు గుండె ఆగినంత పనైంది. మావయ్య చెయ్యి ఆరూ పదికి పూర్తిగా పడిపోలేదు, గ్లాసు జారిందంతే, పది గంటలకి గానీ పూర్తిగా వాలిపోలేదు. ఆ వాక్యం గోడ మీద ఉండి ఉంటే మా వాళ్లు సున్నా అయ్యేదాకా ఆగుతారు. నినాదం తప్పుగా రాస్తే ఆలస్యాన్ని మనమే నేర్పినట్టు అవుతుంది.

అందుకని సున్నాని చేయించేలా మార్చాను. మనిషిని కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ ఎత్తులో ముందుకి చాపి, పెద్ద కుండని పట్టుకున్నట్టు గుండ్రంగా సున్నా చుట్టమనాలి. వేళ్లు మాత్రం కలపనివ్వకూడదు, బెత్తెడు ఎడం ఉండాలి. కలిపితే మంచి చెయ్యి పాడైన చేతిని మోసేస్తుంది, తేడా తెలీదు. అలా ఉంచి పది లెక్కపెట్టాలి. ఒక చెయ్యి కిందికి జారిపోయిందంటే సున్నా చెదిరినట్టు. డాక్టర్లు చేతులు తిన్నగా చాపించి కళ్లు మూసుకోమని చూస్తారు, నాది దానికి నకలు మాత్రమే. ఇది సరైనదా కాదా నరాల డాక్టర్లు చూసి చెప్పాల్సిందే, నా మాట మీద గోడలెక్కించొద్దు.

ఎనిమిది దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఎనిమిది చేతులు లేవు, ఎనిమిది కళ్లు లేవు. చివరికి మా ఆవిడ పప్పు రుబ్బుతూ అంది, "ఆ ఎనిమిదే అనమను, అనగలిగితే అన్నట్టు." అదీ సంగతి. "నూట ఎనిమిది" అనమనాలి. నాలుగు సార్లు నాలుక కదలాలి ఆ మాటకి. ముద్దగా పలికినా, వేరే మాట అన్నా, మనం చెప్పింది అర్థం కానట్టు చూసినా తేడా ఉన్నట్టే. మావయ్య ఇప్పటికీ "నూతెనివి" అంటాడు. పలికించే మాటే నంబర్ కాబట్టి, పక్కన నిలబడ్డ వాళ్ల నోట్లోకి కూడా ఆ నంబరే వచ్చేస్తుంది.

ఇదిగో, ఇప్పటికి నా దగ్గర ఉన్నది:

మూతి ఒక పక్కకి పోయినా
చేతుల సున్నా చెదిరినా
ఎనిమిది అనడం తడబడినా
ఒక్కటి చాలు, 1-0-8!

ఆఖరి వరుసలో "ఒక్కటి చాలు" ఉండి తీరాలి. మొదట అది లేకుండా వినిపిస్తే బడి పిల్లలు మూడూ కలిసి ఉండాలేమో అనుకున్నారు. మూతి బాగుండి చెయ్యి ఒక్కటే జారినా చేయాల్సిందే. ఇంకోటి, అరగంటలో అంతా సర్దుకున్నా కూడా వెళ్లాలి. అది తగ్గిపోవడం కాదు, పెద్దది రాబోతోందని ముందు హెచ్చరిక కావచ్చు. దాన్ని నినాదంలో ఇరికించలేకపోయాను, ఆశా అక్కలు నోటితో చెప్పాలి.

ఇది పట్టుకోలేనివి ఉన్నాయి, దాచను. మెదడు వెనక భాగంలో వచ్చే పక్షవాతంలో మూతీ చెయ్యీ బాగానే ఉండి, ఉన్నట్టుండి తూలిపోవడం, ఒక వస్తువు రెండుగా కనపడటం, చూపు పోవడం మాత్రమే ఉండొచ్చు. గుండెపోటుకి ఇది పనికిరాదు, పాముకాటుకి అసలే కాదు. వాటన్నిటినీ ఒకే గోడ మీద రాయమని ఎవరైనా అధికారి తప్పకుండా అడుగుతారు, నాకు అనుభవమే. దయచేసి ఒప్పుకోకండి. వెళ్తున్న బస్సులోంచి మనిషి మూడు నాలుగు మాటలకి మించి చదవడు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి, వరుసల మధ్య చోటు వదలకపోతే దూరం నుంచి చీమల బారులా కనిపిస్తుంది. పదడుగుల గోడకి నాలుగు వరుసలే ఎక్కువ. మంత్రుల బొమ్మలకి, శాఖల పేర్లకి పక్క గోడ వాడుకోండి.

గోడ మీద అడుగున చిన్న అక్షరాలతో ఇంకో వరుస మాత్రం రాయనివ్వండి: "టైము చూడండి. నీళ్లు, మాత్రలు వద్దు." మింగడం కూడా దెబ్బతింటుంది కాబట్టి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మావయ్యకి మూడో రోజు నిమ్ము పట్టింది. గుండెపోటుకి ఇస్తారని విని ఆస్పిరిన్ వేసేవాళ్లున్నారు, లోపల రక్తం కారుతుంటే అది ఇంకా కారేలా చేస్తుంది.

ఇక మీవైపు పని. జనం ఆరుంబావుకే ఫోన్ చేశారనుకోండి, బండి మనిషిని స్కానింగ్ లేని చోటికి తీసుకెళ్తే నా పెయింటూ వాళ్ల తొందరా రెండూ వృథా. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఏ మండలం వాళ్లకి రాత్రీ పగలూ సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్, వేసే డాక్టరు మూడూ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది అన్న పట్టిక ప్రతి 108 బండిలో ఉండాలి. బండి బయల్దేరగానే ఆసుపత్రికి "పక్షవాతం కేసు, ఆరూ పదికి మొదలైంది" అని ఫోన్ వెళ్లాలి, స్కాన్ బల్ల ఖాళీగా ఉంచడానికి. ఇప్పటికే ఇలా జరుగుతుంటే మంచిది, ఆ పట్టిక జనానికి కూడా చూపించండి. ఫోన్ ఎత్తినవాళ్లు జిల్లా, మండలం, ఊరు, దగ్గరి గుర్తు అడుగుతారు కదా. మా వాళ్లలో సగం మంది ఆ ప్రశ్నలకే కంగారుపడి ఫోన్ పెట్టేస్తారు. అందుకే ప్రతి గోడ మీద ఆ ఊరి పేరు, మండలం పేరు, "రామాలయం ఎదురు వీధి" లాంటి గుర్తు కూడా నేను రాసి పెడతాను. టెన్షన్‌లో ఉన్నవాడు చూసి చదివితే చాలు. దానికి అదనంగా డబ్బులు అక్కర్లేదు.

చివరగా, గోడలెక్కించే ముందు జనం మీద పెట్టి చూడండి. ఒక పది ఊళ్లలో చదివి వినిపించి, వారం తర్వాత వెళ్లి "మీ ఇంట్లో పెద్దాయన గ్లాసు జారవిడిచాడు, ఏం చేస్తారు?" అని అడగండి. నినాదం అప్పజెప్పమని మాత్రం అడగొద్దు. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు, మీరు పాసయ్యిందని సంతకం పెట్టేస్తారు. ఫోన్ తీస్తారా, నూనె సీసా తీస్తారా, అది చూడాలి.

మావయ్య ఎదురింటి గోడ మీద నా పాత రాతకి నిన్న సున్నం కొట్టేశాను, ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. రెండో పూత ఆరాలి, ఆరాక సుద్ద దారంతో నాలుగు గీతలు కొట్టి ఉంచుతాను. సున్నా గురించి డాక్టర్లు ఏమంటారో కబురు చేస్తే మిగతాది ఒక్క పూటలో అయిపోతుంది.

ఇట్లు,
నరసన్నపేట పక్కూరి గోడ రాతల పెయింటర్